స్టాక్ స్టేట్‌మెంట్‌లో తప్పు దొర్లింది, మేనేజర్ దాచేయమంటున్నాడు: ఏ వరుసలో ఏం చెయ్యాలి?

ఆదోని చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లుల్లో లెక్కలు రాసే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. "అన్నా, బ్యాంకుకు పంపిన స్టాక్ తప్పు. చెప్తే మేనేజర్ వద్దంటున్నాడు. వచ్చే నెల కూడా అదే చూపించమంటున్నాడు. ఏం చెయ్యాల?" ఫోన్లో ఎవరికి వాళ్లకు చెప్పి చెప్పి విసుగొచ్చి ఇక్కడ రాస్తున్నా.

క్యాష్ క్రెడిట్ (సీసీ) ఖాతా ఉండి, నెలనెలా బ్యాంకుకు స్టాక్ స్టేట్‌మెంట్ పంపే మిల్లుల గురించే ఇది. ఉదాహరణ ఒక్కటే తీసుకుని చివరిదాకా దాంతోనే పోదాం. అంకెలు లెక్క తెలియడానికి వేసుకున్నవి. మీ మిల్లులో మార్జిన్, రేట్లు వేరేగా ఉంటాయి, మీ శాంక్షన్ లెటర్ చూసుకోండి.

## 1. ఎవరితోనూ మాట్లాడకముందు తప్పును కచ్చితంగా తేల్చుకోండి

మన ఉదాహరణలో అక్టోబర్ 31న గోడౌన్‌లో 500 బేళ్లు ఉన్నట్టు బ్యాంకుకు పంపారు. నవంబర్ 6న మీకు అనుమానం వచ్చింది. అప్పుడు చెయ్యాల్సిన లెక్క చిన్నదే:

- నెల మొదట్లో ఉన్న బేళ్లు: 260
- నెలలో ప్రెస్ అయినవి: 470
- బయటికి పోయినవి: 330
- ఉండాల్సినవి: 400

వంద బేళ్లు తేడా. ఒక లారీ లోడు. గేట్ పాస్ బుక్కు తీస్తే తెలిసింది, 31 సాయంత్రం ఏడు గంటలకు తమిళనాడు స్పిన్నింగ్ మిల్లుకు ఒక లారీ పోయింది. బిల్లు ఆ రాత్రే ట్యాలీలో పడింది. గోడౌన్ రిజిస్టర్‌లో మాత్రం పొద్దున వచ్చి 1వ తేదీ కింద రాశారు. మీరు స్టాక్‌ను రిజిస్టర్ నుంచి, రావాల్సిన బాకీలను ట్యాలీ నుంచి తీసుకున్నారు. అంటే ఆ వంద బేళ్లు స్టాక్‌లోనూ ఉన్నాయి, బాకీల్లోనూ ఉన్నాయి. ఒకే సరుకును రెండుసార్లు చూపించాం.

నెలాఖరు రోజు లారీ పోయిన ప్రతి మిల్లులో ఈ తప్పు జరిగే అవకాశం ఉంది. దీంట్లో ఎవరి మోసమూ లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మేనేజర్ ముందు పనికొస్తుంది.

తేల్చుకునేటప్పుడు చూడాల్సినవి:

- [ ] గేట్ పాస్, కాటా చీటీ, ఇ-వే బిల్లు: మూడింటి మీదా తేదీ, టైము
- [ ] అమ్మకం బిల్లులోని లాట్ నంబరు, పీఆర్ నంబర్లు
- [ ] గోడౌన్‌లో ఆ పీఆర్ నంబర్ల బేళ్లు ఉన్నాయా (మీరే పోయి చూడండి, వాచ్‌మన్ మాట మీద ఆగొద్దు)
- [ ] ట్యాలీలో Stock Summary తెరిచి, Alt+F2 నొక్కి తేదీ 31 అక్టోబర్ దాకా పెడితే వచ్చే బేళ్లు

ఇక్కడ చేసే పొరపాటు: భయంతో వెంటనే ట్యాలీలో ఏదో ఒక ఎంట్రీ దిద్దేయడం. వద్దు. ట్యాలీలో బిల్లు సరిగ్గానే ఉంది, తప్పు బ్యాంకుకు పోయిన కాగితంలో ఉంది. సరిగ్గా ఉన్న పుస్తకాన్ని తప్పు కాగితానికి సరిపోయేలా మారిస్తే అప్పటిదాకా పొరపాటుగా ఉన్నది వేరే పేరు తెచ్చుకుంటుంది.

## 2. నిజం చెప్తే ఎంత ఖర్చో లెక్క వెయ్యండి

చాలామంది ఈ మెట్టు వదిలేస్తారు. మేనేజర్ దగ్గరికి పోయి "సార్, తప్పు జరిగింది" అంటారు. ఆయనకు అప్పటికప్పుడు కళ్ల ముందు కనిపించేది బ్యాంకు మేనేజర్ మొహం, ఓనర్ కోపం. అంకె ఏదీ కనిపించదు. అంకె లేకపోతే భయానికి అడ్డం ఉండదు.

మన మిల్లుకు సీసీ లిమిట్ 2 కోట్లు, మార్జిన్ 25 శాతం అనుకుందాం. స్టాక్, బాకీలు కలిపి, అందులోంచి మనం సరుకుకు ఇవ్వాల్సిన అప్పులు తీసేసి, మిగిలిన దాంట్లో 75 శాతం దాకా వాడుకోవచ్చు. దాన్నే డ్రాయింగ్ పవర్, మన మాటల్లో డీపీ అంటాం.

పంపిన లెక్క ప్రకారం స్టాక్ 2 కోట్ల 20 లక్షలు, బాకీలు 60 లక్షలు, ఇవ్వాల్సినవి 40 లక్షలు. మిగిలింది 2 కోట్ల 40 లక్షలు. డీపీ 1 కోటి 80 లక్షలు.

బేలు 26,000 చొప్పున వంద బేళ్లకు 26 లక్షలు. అవి తీసేస్తే స్టాక్ 1 కోటి 94 లక్షలు, అసలు డీపీ 1 కోటి 60 లక్షల 50 వేలు.

ఖాతాలో ఇప్పటికే వాడింది 1 కోటి 72 లక్షలు. అంటే అసలు డీపీ కన్నా 11 లక్షల 50 వేలు ఎక్కువ వాడాం.

ఇప్పుడు దీనికి దండగ ఎంత? ఎక్కువ వాడిన దాని మీద బ్యాంకు ఏడాదికి 2 శాతం అదనంగా వేస్తుందనుకుంటే, 30 రోజులకు సుమారు 1,900 రూపాయలు. అంతే. రెండు మూటల పత్తి కూడా రాదు ఆ డబ్బుకు.

నిజమైన ఇబ్బంది ఆ 1,900 కాదు. డీపీ సరిదిద్దగానే ఖాతాలోంచి కొత్తగా డబ్బు పోదు. సీజన్ మధ్యలో కమీషన్ ఏజెంట్లకు, రైతులకు ఇవ్వాల్సినవి ఆగిపోతాయి. మేనేజర్ భయపడేది దీనికే, ఆ భయం ఉత్తది కాదు. అందుకే ఆ 11.5 లక్షల గుంట ఎట్లా పూడ్చాలో కూడా మీరే లెక్కేసుకుని పోవాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. స్పిన్నింగ్ మిల్లు నుంచి బిల్లు డబ్బు (జీఎస్టీతో కలిపి 27 లక్షల 30 వేలు) తెప్పించి సీసీలో వేస్తే గుంట మొత్తం పూడుతుందని అనిపిస్తుంది. పూడదు. డబ్బు వచ్చాక ఆ బాకీ కూడా లెక్కలోంచి పోతుంది కాబట్టి, వచ్చే స్టేట్‌మెంట్‌లో డీపీ దాంట్లో 75 శాతం తగ్గుతుంది. మనకు మిగిలేది మార్జిన్ 25 శాతమే, అంటే 6 లక్షల 82 వేల 500. ఇంకా 4 లక్షల 67 వేల 500 ఓనర్ సొంతంగా తేవాలి, లేదా సీసీ డబ్బుతో పత్తి కొనడం కొన్నాళ్లు తగ్గించాలి. సీసీలోంచి తీసి వంద రూపాయల పత్తి కొంటే డీపీ 75 మాత్రమే పెరుగుతుంది, కొన్న కొద్దీ గుంట పెరుగుతుంది. ఈ ముక్క చెప్తే ఎట్లాంటి మేనేజరైనా ఒక నిమిషం ఆగి వింటాడు.

టైము విషయం కూడా చెప్పండి. డీపీ కన్నా ఎక్కువ వాడకం 30 రోజులు దాటి సాగితే బ్యాంకు ఆ ఖాతాను ఎస్ఎంఏ అనే, కన్నేసి ఉంచాల్సిన ఖాతాల జాబితాలో పెడుతుంది, తెరిపి లేకుండా 90 రోజులు దాటితే ఎన్‌పీఏ అవుతుంది. మొదటి 30 రోజుల్లోపల పూడ్చుకోగలిగిన గుంట ఇది.

## 3. దాస్తే ఏమవుతుందో మీ వైపు నుంచి చూసుకోండి

మేనేజర్ చెప్పేది మామూలుగా ఇట్లా ఉంటుంది: "నవంబర్‌లో కూడా ఆ వంద బేళ్లు చూపించప్పా. నెలకు పాతిక చొప్పున తగ్గించుకుంటా పోదాం."

అక్టోబర్‌లో పోయిన అంకె పొరపాటు. తెలిశాక నవంబర్‌లో అదే అంకె వేస్తే అది తెలిసి రాసిన తప్పుడు లెక్క. అంకె ఒకటే అయినా మధ్యలో నవంబర్ 6 వచ్చింది, మీకు తెలిసిన రోజు.

భారతీయ న్యాయ సంహిత 344వ సెక్షన్ (పాత ఐపీసీలో 477ఎ) మోసం ఉద్దేశంతో లెక్కలు తారుమారు చేయడం గురించి. దాంట్లో మొదట వచ్చే మాట "క్లర్కు". గుమాస్తా, ఆఫీసర్, పనివాడు అని వరుసగా ఉంటుంది. ఏడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మేనేజర్ చెప్పాడన్నది ఈ సెక్షన్ నుంచి మిమ్మల్ని దానంతట అదే బయట పడెయ్యదు. ప్రతి తప్పుడు స్టేట్‌మెంటూ కేసు దాకా పోతుందని నేను అనను, ఎక్కువ భాగం పోవు. పోయినప్పుడు మాత్రం ఎవరి చేతిరాత, ఎవరి లాగిన్ అని చూస్తారు.

దొరికే దారులు మీరు అనుకున్నదాని కన్నా ఎక్కువే. స్టాక్ ఆడిట్‌కు వచ్చినవాడు బేళ్లు లెక్కపెట్టడంతో ఆగడు, పీఆర్ నంబర్లు రాసుకుంటాడు. 31నాటి బిల్లు 11వ తేదీలోపు GSTR-1లోకి పోతుంది, ఇ-వే బిల్లులో లారీ నంబరు, టైము ఉంటాయి. వీటిని మార్చడం మేనేజర్ చేతిలో లేదు, మీ చేతిలోనూ లేదు. మీ మిల్లు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రతి మార్పూ నమోదయ్యే సాఫ్ట్‌వేరే వాడాలి. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో అందులో ఉంటుంది.

నా సంగతి చెప్తా. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఒక మిల్లులో నలభై బేళ్ల తేడాను నేను ఇట్లాగే దాచాను. నెలకు పది తగ్గిద్దాం అనుకున్నాం. సీజన్‌లో డబ్బు ఎప్పుడూ చాలదు, తగ్గించే బదులు ప్రతి నెలా ఇంకో పది కలిపాం. మార్చికి తొంభై అయ్యాయి. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన ఆఫీసర్ పీఆర్ రిజిస్టర్ మీద వేలు పెట్టి "ఈ లాట్ ఏది?" అన్నాడు. మా మేనేజర్ నా వైపు తిరిగి, "ఏమప్పా, లెక్క సరిగ్గా రాయలేదా నువ్వు?" అన్నాడు. అంత మామూలుగా అన్నాడు, ఒక్క క్షణం నేనే తప్పు రాశానేమో అనుకున్నా. నోటిమాటగా చెప్పిన పనికి నా దగ్గర ఒక్క చీటీ లేదు.

## 4. మేనేజర్‌తో మాట్లాడటం

పొద్దున పదకొండులోపు వద్దు, అప్పుడు యార్డులో వేలం మీద ధ్యాస ఉంటుంది. సాయంత్రం కాటా అయిపోయాక, ఒక్కరే ఉన్నప్పుడు పొండి. చేతిలో ఒకే ఒక్క కాగితం: బేళ్ల లెక్క, డీపీ రెండు రకాలు, గుంట, పూడ్చే దారి.

"సార్, 31 సాయంత్రం లారీ రిజిస్టర్‌లో పడలేదు. నేనే చూసుకోవాల్సింది. బ్యాంకుకు వంద బేళ్లు ఎక్కువ పోయాయి. దండగ రెండు వేల లోపే. గుంట పదకొండున్నర లక్షలు, ఎట్లా పూడ్చచ్చో రాసుకొచ్చినా. రివైజ్డ్ స్టేట్‌మెంట్ తయారుగా ఉంది, ఓనర్ సంతకం చేస్తే రేపు ఇచ్చేస్తా."

మీ వాటా ఎంత ఉంటే అంత ఒప్పుకోండి. "మీరు రిజిస్టర్ చూడలేదు" అని మొదలుపెడితే ఆయన తన్ను తాను కాపాడుకునే పనిలో పడతాడు, ఇక మీ మాట ఎక్కదు.

ఎదురొచ్చే మాటలు, నేను చెప్పే జవాబులు:

"ఈ ఒక్క నెలకే కదా." "వచ్చే నెల ఎట్లా తగ్గిస్తాం సార్? ఆ 11.5 లక్షలు అప్పుడు ఎక్కడినుంచి వస్తాయో అవే ఇప్పుడు తెద్దాం."

"ఓనర్‌కు తెలుసులే." "అయితే మంచిదే సార్, మీ ముందరే ఒకసారి ఫోన్ చేసి అడుగుతా." తెలిసి ఉంటే ఫోన్ కలుపుతాడు. నాకు తెలిసి ఎక్కువసార్లు కలపరు.

"అన్ని మిల్లుల్లో ఇదే చేస్తారు." దీనికి వాదన వద్దు. "మన బిల్లు GSTR-1లో ఉంది సార్" అని ఊరుకోండి.

"నీకు ఉద్యోగం అక్కర్లేదా?" వెంటనే జవాబు చెప్పకండి. "రేపు మాట్లాడదాం సార్" అని లేచి రండి. కోపంలో ఇద్దరూ అన్న మాటలు వెనక్కి తీసుకోవడం కష్టం, మన ఊళ్లలో మరీ కష్టం.

సగం దారి పొరపాటు: "నేను చెయ్యను, మీ లాగిన్‌లో మీరే వేసుకోండి, నేను చూడనట్టుంటా" అనడం. తప్పించుకున్నట్టు అనిపిస్తుంది. నవంబర్ లెక్క ఆ అంకె మీదనే మీరే కట్టాలి, డిసెంబర్ లెక్క కూడా.

## 5. అదే రోజు రాతలో పెట్టండి

బెదిరింపులా ఉండకూడదు, ఎవరినీ తప్పుపట్టకూడదు. ఆఫీసు మెయిల్ ఉంటే మెయిల్, లేకపోతే వాట్సాప్:

> "సార్ నమస్తే. సాయంత్రం మాట్లాడినట్టు, 31.10 నాటి బ్యాంక్ స్టాక్ స్టేట్‌మెంట్‌లో 100 బేళ్లు (31న డిస్పాచ్ అయినవి) ఎక్కువ పడ్డాయి. సరైన బేళ్లు 400. రివైజ్డ్ స్టేట్‌మెంట్ మీ టేబుల్ మీద పెట్టాను. ఓనర్ గారి సంతకం కోసం ఎప్పుడు తీసుకెళ్లమంటారో చెప్పగలరు."

"మీరు దాచమన్నారు" అన్న మాట ఇందులో లేదు చూడండి. అవసరం లేదు. తప్పు మీకు తెలిసిన తేదీ, మీరు సరిదిద్దడానికి సిద్ధమైన తేదీ ఉంటే చాలు. ఆయన జవాబు ఇవ్వకుండా ఫోన్ చేస్తాడు. ఆ ఫోన్ తర్వాత "మీరు ఫోన్‌లో చెప్పినట్టు ఇంకా బ్యాంకుకు పంపలేదు" అని ఇంకో మెసేజ్ పెట్టండి.

మీ మెసేజులు, మీరు తయారుచేసిన ఆ ఒక్క కాగితం దగ్గర పెట్టుకోండి. పార్టీల లిస్టులు, ట్యాలీ డేటా మొత్తం పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తీసుకుపోవద్దు. అది చేస్తే రేపు మీ మీద వేరే ఫిర్యాదు వస్తుంది.

## 6. ఓనర్, ఆ తర్వాత బ్యాంకు

రెండు రోజులు చూసి కదలిక లేకపోతే ఓనర్‌ను కలవండి. మేనేజర్‌కు చెప్పే పొండి: "సార్, సంతకం ఓనర్ గారిది కదా, ఆయనకు తెలియకపోతే నాకు టెన్షన్‌గా ఉంది." బ్యాంకులో తాకట్టు ఉన్న ఇల్లూ స్థలమూ ఎక్కువగా ఓనర్ కుటుంబానివే. ఆ సంగతి ఆయనకు మీరు గుర్తుచెయ్యక్కర్లేదు.

బ్యాంకుకు ఇచ్చే ఉత్తరం నాలుగు వరుసలు దాటొద్దు: ఏ తేదీ స్టేట్‌మెంట్, ఏ అంకె తప్పు, ఎందుకు జరిగింది, ఎక్కువ వాడకాన్ని ఏ తేదీలోపు సరిచేస్తారు. రివైజ్డ్ స్టేట్‌మెంట్, ఆ లారీ బిల్లు కాపీ జతచేసి, కాపీ మీద బ్యాంకు ముద్ర వేయించుకోండి. నవంబర్ స్టేట్‌మెంట్ కోసం ఆగి, రెండూ కలిపి ఇచ్చే పని పెట్టుకోవద్దు.

ముందే ఫోన్ చేసి ఓనర్ బ్రాంచ్ మేనేజర్‌తో ఒక మాట చెప్తే మంచిది. సీజన్ చెల్లింపుల కోసం కొన్ని రోజులు వెసులుబాటు అడగచ్చు. ఇస్తారో లేదో వాళ్ల ఇష్టం. తప్పు తామే కనిపెట్టడానికీ, మీరే వచ్చి చెప్పడానికీ మధ్య తేడా మాత్రం వాళ్ల దగ్గర ఉంటుంది.

## 7. ఓనర్ కూడా దాచేయమంటే

ఇక్కడ తీపి మాటలు చెప్పను. పెద్ద కంపెనీల్లో ఫిర్యాదు చేసేవాళ్లకు రక్షణగా విజిల్ మెకానిజం ఉండాలని కంపెనీల చట్టం చెప్తుంది. అది లిస్టెడ్ కంపెనీలకు, జనం దగ్గర డిపాజిట్లు తీసుకునేవాటికి, 50 కోట్లకు మించి అప్పులున్నవాటికి. భాగస్వాముల మిల్లులో దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ముందు మిల్లు ఆడిటర్‌ను కలవండి. రేపు ఈ లెక్కల మీద సంతకం చెయ్యాల్సింది ఆయనే, ఓనర్ కూడా ఆయన మాట వింటాడు. నేను చూసిన రెండు మూడు గొడవలు ఆడిటర్ గదిలోనే తెగాయి.

అక్కడా కుదరకపోతే, ఆ నవంబర్ స్టేట్‌మెంట్ చెయ్యకుండా ఉండటం, దానివల్ల ఉద్యోగం పోయే అవకాశం, ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. లెక్క వెయ్యాల్సినవి:

- [ ] జీతం లేకుండా ఇల్లు ఎన్ని నెలలు నడుస్తుంది, ఏ ఈఎంఐ ముందు వస్తుంది
- [ ] రావాల్సిన జీతం, బోనస్, పీఎఫ్ సరిగ్గా ఉన్నాయా
- [ ] సీజన్‌లో లెక్కలు తెలిసినవాడి కోసం వెతికే మిల్లులు మీకు తెలిసినవి ఎన్ని
- [ ] మీ పేరు మీద ఇప్పటికే పోయిన కాగితాలు ఏవి, వాటిలో తప్పున్నవి ఏవి

చివరిది ఇప్పటికే ఒక నెల దాచినవాళ్లకు. మీరు చెయ్యగలిగింది ఇంకో నెల కలపకపోవడం, ఉన్నదానికి ఈరోజే 5వ మెట్టులోని మెసేజ్ పెట్టడం. వ్యవహారం కేసు దాకా పోయేలా ఉంటే వకీలును కలవండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.

వెళ్లిపోవాలనుకుంటే కోపంతో పోవద్దు. పెండింగ్ పనులన్నీ రాసి, ఆ జాబితాలో "31.10 స్టాక్ స్టేట్‌మెంట్ రివిజన్ పెండింగ్" అని ఒక వరుస పెట్టి, కాపీ మీద సంతకం తీసుకుని రండి.

## 8. ఇంకోసారి రాకుండా నెలాఖరు పని

- [ ] 31 సాయంత్రం ఆఖరి లారీ పోయాక, గోడౌన్ రిజిస్టర్‌లో ఆఖరి గేట్ పాస్ నంబరు రాసి కింద గీత కొట్టించాలి
- [ ] ఆ పేజీని ఫొటో తీసి, అదే రాత్రి మేనేజర్‌కూ ఓనర్‌కూ ఒకే మెసేజ్‌లో పంపాలి
- [ ] ట్యాలీలో ఆఖరి బిల్లు, గేట్ పాస్ నంబరు ఒకటేనా చూడాలి
- [ ] ప్రెస్ దగ్గర ఆఖరి పీఆర్ నంబరు రాసుకోవాలి
- [ ] ఈ నాలుగూ సరిపోయాకే స్టాక్ స్టేట్‌మెంట్ మొదలుపెట్టాలి

గీత కొట్టించేటప్పుడు వాచ్‌మన్ "ఇంకో బండి వస్తాందన్నా, గంట ఆగు" అంటాడు. గీత కొట్టేసి, ఆ బండిని 1వ తేదీనే లోడు చేసి పంపించి, ఆ తేదీ కిందే రాయించండి. బిల్లు కూడా 1వ తేదీదే ఉండాలి.